పగటి నిద్రలో రెండో సగం

అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదికి ఆఫీసులు తెరిచేటప్పటికి మనకు సాయంత్రం ఆరున్నర. వాళ్ళు ఆరింటికి ఇళ్ళకు బయలుదేరే వేళకు మనకు తెల్లవారుజామున మూడున్నర. ఇది వేసవి లెక్క. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ మర్నాటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఇక్కడి షిఫ్టు రాత్రి ఏడున్నరకు మొదలై నాలుగున్నరకు ముగుస్తుంది. అమెరికా ఆసుపత్రుల తరఫున ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్లు చేసి రావలసిన బిల్లుల సంగతి అడిగే ఏఆర్ కాలర్లు, బెంచ్ సేల్స్ రిక్రూటర్లు, టెక్ సపోర్టు వాళ్ళు, పేరోల్ చూసేవాళ్ళు చాలామంది ఈ వేళల్లోనే పనిచేస్తారు. హైదరాబాదులో ఉండాలన్న నియమం పోయాక గుంటూరు, వరంగల్, కాకినాడ ఇళ్ళలో కూడా అర్ధరాత్రి ఒక గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంటారు.

కంపెనీ క్యాబ్ ఉన్న రోజుల్లో అందరినీ దింపుకుంటూ తిరిగే బండిలో ఇల్లు చేరేసరికి తెల్లవారిపోయేది. ఇప్పుడు లాప్‌టాప్ మూసి పది అడుగులు వేస్తే మంచం. అప్పటికి ఇంకా రెండు గంటల చీకటి మిగిలి ఉంటుంది. జూన్‌లో మన వైపు ఐదున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర దాటితే గానీ పొడవదు. అంటే షిఫ్టు గంట వెనక్కి జరిగే చలికాలంలో సూర్యుడు కూడా గంట ఆలస్యంగానే వస్తాడు. ఏ కాలంలోనైనా మిగిలే ఈ రెండు గంటల చీకటే ఇంటి నుంచి పనిచేయడంలో నిద్రకు దక్కిన అసలు లాభం. దాన్ని సెల్‌ఫోన్ చూస్తూనో, ‘ఎలాగూ లేచే ఉన్నాను కదా’ అని టిఫిన్ పనికి దిగో చాలామంది పోగొట్టుకుంటున్నారు.

రాత్రి పనివాళ్ళున్న ఇళ్ళలో గొడవ సాధారణంగా ఒకే తీరున నడుస్తుంది. పడుకున్నవాళ్ళు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలంటారు. బడికి వెళ్ళే పిల్లలు, ఆఫీసుకు వెళ్ళే మనిషి, పూజ చేసుకునే పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. నాలుగు రోజులు మునివేళ్ళ మీద నడుస్తారు. ఐదో రోజు మిక్సీ మోగుతుంది, ఆరో రోజు మాటా మాటా పెరుగుతుంది. అసలు ఎనిమిది గంటల నిశ్శబ్దం అడగక్కర్లేదు. ఏ గంటల్లో నిశ్శబ్దం కావాలో తెలిస్తే అడగవలసింది మూడు గంటలే. ఎందుకో తెలియాలంటే నిద్ర లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

మనల్ని నిద్రలో ఉంచే శక్తులు రెండు. మేలుకుని ఉన్న ప్రతి గంటా లోపల నిద్ర ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం నుంచి మేలుకున్న మనిషికి తెల్లవారుజాము నాలుగింటికి అది బాగా పేరుకుని ఉంటుంది. రెండోది మెదడులోని జీవగడియారం. అది ఒంటి వేడిని తగ్గించి, మెలటోనిన్‌ను విడుదల చేసి రాత్రి అయిందని శరీరానికి చెబుతుంది. రాత్రి పదకొండుకు పడుకునే మామూలు మనిషికి ఒంటి వేడి బాగా తగ్గేది తెల్లవారుజామున నాలుగైదు గంటల ప్రాంతంలో. ఆ తర్వాత గడియారం మెల్లగా మేలుకొలుపు మొదలుపెడుతుంది. నాలుగున్నరకు పడుకున్న మనిషికి మొదట్లో రెండు శక్తులూ తోడుంటాయి. మూడు గంటలు గడిచేసరికి నిద్ర ఒత్తిడి చాలావరకు తీరిపోతుంది, గడియారమేమో లెమ్మని తరుముతూ ఉంటుంది. నిద్ర ఇంకా సగం మిగిలి ఉంటుంది గానీ దాన్ని పట్టి ఉంచేది పెద్దగా ఉండదు. పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటో, రెండు గంటలో, కొందరికి ఇంకా ఎక్కువో కురచగా ఉండేది అందుకే. గది ఎంత చీకటిగా, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ఆ తేడా పూర్తిగా పోదు.

దీనికి ఇంకోటి తోడవుతుంది. గాఢనిద్ర ఎక్కువ భాగం మొదటి రెండు మూడు గంటల్లోనే పడుతుంది. అప్పుడు పక్కన గిన్నె పడ్డా ఒక పట్టాన మెలకువ రాదు. తర్వాతి గంటల్లో కలలొచ్చే నిద్ర, మాగన్ను నిద్ర ఎక్కువ. చిన్న అలికిడికే తెలివొస్తుంది, వచ్చాక మళ్ళీ పట్టదు. కాబట్టి ఆరుంబావుకు పచ్చడి కోసం తిరిగే మిక్సీ కంటే పదకొండింటికి ‘టింగ్’ మనే కాలింగ్ బెల్ ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం దీనికి సరిగ్గా తిరగబడి చేస్తుంటారు. పొద్దున్నే ‘ఇప్పుడే పడుకుంది పాపం’ అని గుసగుసగా మాట్లాడుకుంటారు. పదయ్యాక ‘ఇప్పటికే ఐదారు గంటలు పడుకుందిగా’ అని టీవీ పెడతారు.

గుంటూరు బ్రాడీపేటలో నేను ఎరిగిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆమె ఏఆర్ కాలర్. భర్తకు పగటి ఉద్యోగం, ఒకటో తరగతి చదివే పిల్లాడు, అరవై దాటిన అత్తగారు. రెండు పడక గదుల ఇల్లు, మేడ మీద వాటా, పైన ఇక స్లాబే. మొదట్లో ఆమె దినచర్య ఇలా ఉండేది. మూడున్నరకు షిఫ్టు దిగి కాసేపు ఫోన్ చూడటం, ఐదింటికి స్టవ్ వెలిగించి క్యారియర్లు సర్దడం, ఎనిమిదికి పిల్లాణ్ణి స్కూటీ మీద బడిలో దింపడం, వచ్చి ఎనిమిదీ ముప్పావుకు పడుకోవడం. పన్నెండున్నరకల్లా లేచేసేది. మంచం మీద ఉన్నది నాలుగు గంటలైతే నిద్ర అందులో మూడే. సాయంత్రం లాగిన్ అయ్యే వేళకు తలనొప్పి. రాత్రి రెండింటికి క్లెయిమ్ నంబరు చదువుతూ అంకెలు తారుమారు చేసేది. దానికి కారణం వీధిలో చప్పుడేనని ఇంట్లో అందరూ నమ్మారు.

ఇందులో పెద్ద తప్పు చప్పుడు కాదు, స్కూటీ ప్రయాణం. రాత్రంతా మేలుకున్న మనిషి పొద్దున ఎనిమిదింటికి పిల్లాణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని బండి నడపడం ప్రమాదమన్నది ఒకటి. ఆ పది నిమిషాల ఎండ నిద్రకు చేసే చెరుపు ఇంకొకటి. ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో కాంతి వంద నుంచి మూడు వందల లక్స్‌ల దాకా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటి ఆరుబయట వెలుగు పది వేల లక్స్‌లు దాటుతుంది. జీవగడియారాన్ని దిద్దడానికి వెలుగును మించిన సాధనం లేదు. అయితే అది ఎటు దిద్దుతుందన్నది వేళను బట్టి మారుతుంది. ఒంటి వేడి అట్టడుగుకు చేరే ముందు పడ్డ వెలుగు గడియారాన్ని ఆలస్యంగా నడిపిస్తుంది, చేరిన తర్వాత పడ్డ వెలుగు ముందుకు లాగుతుంది. అంటే ఉదయపు ఎండ చూసిన ప్రతిసారీ ఆమె గడియారం పగటి మనుషుల వేళకు జరిగి, మర్నాడు ఇంకా పెందలాడే లేపుతుంది. షిఫ్టులో ఉండగా వెలుగు మేలు చేస్తుంది. రాత్రి రెండింటి దాకా గది నిండా లైట్లు వెలిగించుకుని పనిచేయవచ్చు. ఆఖరి గంటలో మాత్రం ట్యూబ్‌లైట్ ఆర్పి, ఓ టేబుల్ లాంపు పెట్టుకుని, తెర వెలుతురు తగ్గించుకుంటే నిద్రకు దారి పడుతుంది.

కాబట్టి మొదటి మార్పు పడుకునే వేళ. మూడున్నరకు లాగౌట్, ఒక అరటిపండో, కప్పు మజ్జిగో, నాలుగుంబావుకు మంచం. చెప్పినంత తేలిగ్గా ఇది జరగలేదు. క్యారియర్లు ఎవరు సర్దాలి? ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. రాత్రి పని మగవాడిదైతే ఇల్లంతా అతని తలుపు దగ్గర కాపలా కాస్తుంది. ఆడమనిషిదైతే ఆమె నిద్ర పనులన్నీ అయ్యాక మిగిలిన వేళల్లోనే. ఈ ఇంట్లోనూ మొదట అదే నడిచింది. చివరికి కూరలు తరగడం, చపాతీ పిండి కలపడం, ఇడ్లీ పిండి రుబ్బడం షిఫ్టుకు ముందే సాయంత్రం నాలుగున్నర నుంచి ఆమె చేసి ఫ్రిజ్‌లో పెట్టేటట్టు, పొద్దున పొయ్యి పని అత్తగారూ, బడి దింపుడు భర్తా చూసేటట్టు ఒప్పందమైంది. భర్త అరగంట ముందు బయలుదేరవలసి వచ్చింది. ఆయన దానికి ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు.

రెండో మార్పుకు ఒక నోటుబుక్కు దారి చూపింది. మెలకువ వచ్చిన ప్రతిసారీ వేళ, తోచిన కారణం, మళ్ళీ నిద్ర పట్టిందా లేదా అన్నది రాయడమే అందులో పని. లేచాక జ్ఞాపకం నుంచి రాస్తే కోపం వచ్చినవే గుర్తుంటాయి. దిండు పక్కన పెన్నుంచి అప్పటికప్పుడు రెండు ముక్కలు గీకాలి. పది రోజుల తర్వాత చూస్తే, అందరూ భయపడిన ఆరింటి మిక్సీ ఒక్కసారి కూడా అందులో లేదు. అత్తగారు ఐదున్నరకు పెట్టే సుప్రభాతం లేదు. కుక్కర్ విజిల్ ఒకటి రెండుసార్లు ఉంది, దాని పక్కనే ‘మళ్ళీ పట్టింది’ అని ఉంది. రోజూ ఉన్నవి వేరు. ఏడూ నలభైకి పిల్లాడు ‘నాన్నా, నా బెల్టు ఏదీ?’ అని అరవడం. తొమ్మిదింటికి పనమ్మాయి అంట్లు తోమడం. తొమ్మిదీ ముప్పావుకు ఏ చప్పుడూ లేకుండానే, చెమట పట్టి మెలకువ. పదిన్నరకు ఉల్లిపాయల ఆటో మైకు. పదకొండు ప్రాంతంలో బెల్లో, ఫోనో.

పిల్లాడి గొంతు మిక్సీ కంటే చిన్నదే. అయినా ఆమెను లేపింది అదే. నిద్రలో కూడా మెదడు చెవులు మూసుకోదు. చప్పుడు ఎంత పెద్దదన్నదే కాకుండా అది మనకు ఏమవుతుందన్నదీ చూస్తుంది. మన పేరు పిలిస్తే, మన బిడ్డ ఏడిస్తే, మన ఫోన్ మోగితే తక్కువ చప్పుడుకే లేపేస్తుంది. అందుకే ‘గట్టిగా మాట్లాడకండి’ అనడం కంటే ‘నా పేరు ఎత్తకండి, తలుపు బయట పిల్లాడితో బెల్టు గొడవ పెట్టుకోకండి’ అనడం పనికొచ్చే విన్నపం. బెల్టు, టై, సాక్సు రాత్రే హాల్లో కుర్చీ మీద పెట్టడంతో ఏడూ నలభై గొడవ చాలావరకు ఆగింది. తలుపు గొళ్ళానికి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అమ్మ ఆఫీసులో ఉన్నట్టేనని పిల్లాడికి నేర్పారు. ‘పడుకుంది’ అంటే వాడు లేపుతాడు, ‘ఆఫీసు’ అంటే లేపడట.

నోటుబుక్కు చూశాక ఇంట్లో బేరం మారింది. ఎనిమిదిన్నర దాకా ఇంటివాళ్ళ ఇష్టం. మిక్సీ, కుక్కరు, వాషింగ్ మెషీను, పూజ గంట అన్నీ అప్పుడే కానిచ్చుకోవచ్చు. ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మాత్రం ఆమెది. ఆ మూడు గంటలూ బెల్ స్విచ్ ఆర్పేస్తారు, హాల్లో టీవీ ఉండదు. పనమ్మాయిని ఏడింటికి రమ్మంటే ఆ వేళకు ఆమెకు వేరే ఇల్లు ఉంది. అందుకని అంట్లు బాల్కనీ కుళాయి దగ్గరికి మార్చారు, ఊడ్చి తుడవడం ఆ వైపు గది ఒక్కటి వదిలేసి చేయమన్నారు. పొద్దున్నే సుప్రభాతం మానక్కర్లేదని తెలిసి అత్తగారు తెరిపిన పడ్డారు. మిగతా మూడు గంటల సంగతి ఆవిడే పట్టుబట్టి చూసుకోవడానికి అదీ ఒక కారణమనుకుంటాను. ‘మీ కోడలు ఇంకా లేవలేదాండీ, పదిన్నరైంది?’ అని పక్కవాటా ఆవిడ అడిగితే, ‘మీరు రాత్రి పదిన్నరకు పడుకుని తెల్లారకుండానే లేస్తారా వదినగారూ?’ అని ఈవిడే జవాబు చెబుతున్నారు.

వీధి చప్పుడు మన చేతిలో ఉండదు. మన చట్టం ప్రకారం చూసినా నిద్ర రాత్రి వ్యవహారమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టారు. పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా. కాబట్టి ఉల్లిపాయల ఆటో మీద ఫిర్యాదు కంటే మన గదిలో చేసుకోగలిగిన పనే నయం. నిద్ర చెడగొట్టేది ఉన్నట్టుండి లేచే చప్పుడు. అదే పనిగా ఉండే హోరుకు చెవి అలవాటు పడుతుంది. ఫ్యానో, కూలరో ఒకే రీతిగా మోగుతూ ఉంటే దాని మీద మైకు మాట అంత ఎత్తుగా వినిపించదు. తలుపు కింద సందు ఉంటే హాల్లో మాట నేరుగా గదిలోకి వస్తుంది. అక్కడ అంటించే రబ్బరు పట్టీ దొరకకపోతే పాత దుప్పటి చుట్టి అడ్డం పెట్టినా చాలు.

చెవుల్లో పెట్టుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్గులు మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. చాలామంది వాటిని చెవి రంధ్రం ముందు ఆనించి, పనిచేయడం లేదని పారేస్తారు. ప్లగ్గును వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి నెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే మన గొంతే మనకు బుర్రలోంచి వచ్చినట్టు బొంగురుగా వినిపిస్తుంది. కీచు చప్పుళ్ళను, మాటలను ఇవి బాగా ఆపుతాయి. లారీ, బోరు మోటారు లాంటి మోత మాత్రం కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. ప్లగ్గులు పెట్టుకుని ఇంట్లో ఒంటరిగా, అదీ చిన్నపిల్లలతో ఉంటే పడుకోకూడదు. అవసరమైతే తట్టి లేపే మనిషి ఉండాలి. ఫోన్‌ను ‘డు నాట్ డిస్టర్బ్’లో పెట్టి బడి, భర్త, అత్తగారి నంబర్లకు మాత్రమే అనుమతి ఇస్తే సరిపోతుంది. డెలివరీ కుర్రాళ్ళ ఫోన్లు రాకుండా ఉండాలంటే ఆర్డర్లలో భర్త నంబరు ఇవ్వాలి.

ఇక తొమ్మిదీ ముప్పావు మెలకువ. చప్పుడు లేకుండా రోజూ ఒకే వేళకు తెలివి వస్తోందంటే వెలుతురో, వేడో, గడియారమో కారణం అయివుండాలి. వెలుతురు సంగతి కనిపెట్టడం సులువు. తొమ్మిదింటికి గది మూసి లోపల ఐదు నిమిషాలు కూర్చోవాలి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చాచిన చెయ్యి వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఆ చీకటి చాలదు. వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా అప్పుడే కనబడుతుంది. మందపాటి కర్టెన్ కొన్నవాళ్ళు కూడా మూడు చోట్లు మర్చిపోతారు. కర్టెన్ రాడ్ పైన గోడ మీద పడే చార, పక్కల సందులు, అన్నిటికన్నా ముఖ్యంగా పైన ఉండే వెంటిలేటర్. మన ఇళ్ళలో దానికి కర్టెన్ ఎవరూ కట్టరు. నల్ల చార్టు అంటించిన థర్మాకోల్ ముక్కను కొలతకు కోసి అందులో బిగిస్తే వెలుగూ, కాస్త వేడీ ఆగుతాయి. కర్టెన్ అంచులను గోడకు వెల్‌క్రో పట్టీతో అంటించవచ్చు. పాత ఇళ్ళలో చెక్క తలుపుల కిటికీలు ఉంటే ఏ కర్టెనూ వాటికి సాటిరాదు. ఇవేవీ కుదరనివాళ్ళకు కళ్ళకు కట్టుకునే మెత్తటి మాస్కు ఉంది. రెప్పల్లోంచి కొంత వెలుగు వెళుతుంది కాబట్టి కళ్ళు మూసుకుంటే చాలదా అనుకోకూడదు.

ఈ ఇంట్లో అసలు తప్పు గదిది. ఆమె పడుకునేది తూర్పు గదిలో. పొద్దు పొడిచింది మొదలు ఎండ ఆ గోడ మీదే పడుతుంది. తొమ్మిదీ ముప్పావుకు గోడ తాకితే వేడిగా ఉండేది. రాత్రి మనుషులకు తూర్పు గది మంచిదే, పొద్దున్నే లేపుతుంది. తెల్లవారాక పడుకునేవాళ్ళకు మాత్రం పడమటి గదే కావాలి. మధ్యాహ్నం దాకా ఆ వైపు ఎండ రాదు. పైన స్లాబుంటే భయపడక్కర్లేదు. పగలంతా ఎండిన స్లాబు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా వేడి దించి, తెల్లవారుజాముకు చల్లబడుతుంది. అది మళ్ళీ వేడెక్కి కింది గదికి తెలిసేసరికి కొన్ని గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగుంబావు నుంచి పదకొండు దాకా పడుకునే మనిషికి పై అంతస్తు పడమటి గది, మే నెలలో కూడా, ఇంట్లో ఉన్నవాటిలో నయమైనది. ఆ గదిలో అత్తగారు ఉండేవారు. ఆవిడకు పొద్దుటి ఎండే కావాలి, పూజకు వెలుతురు వస్తుంది. గదులు మార్చుకోవడం ఒక ఆదివారం పని అయింది.

వేసవిలో ఇంకో చిక్కు. ఏసీ ఉన్న గదిని మూసేయవచ్చు. కూలర్‌కు మాత్రం బయటి గాలి లోపలికి రావాలి, లోపలి గాలి బయటికి పోవాలి. కిటికీ తెరిస్తే వెలుగూ, వీధీ రెండూ వస్తాయి. కూలర్‌ను కిటికీ బయటే పెట్టి, చుట్టూ ప్లైవుడ్ బిగిస్తే కిటికీ మూసుకుపోతుంది, హోరు కూడా దొరుకుతుంది. గాలి పోయే దారి కోసం వెంటిలేటర్‌ను పూర్తిగా మూయకుండా దాని ముందు నల్ల అట్టను గొడుగులా వంచి కట్టాలి. గాలి అట్ట చుట్టూ తిరిగి పోతుంది గానీ వెలుగు నేరుగా పడదు. కరెంటు పోయిన మరుక్షణం మెలకువ వచ్చేది వేడికి కాదు, వేడెక్కడానికి వ్యవధి పడుతుంది. హోరు ఆగిపోయి వీధి చప్పుడంతా ఒక్కసారి పైకి రావడమే కారణం. లైన్ల మరమ్మతు కోసం కరెంటు తీసేది కూడా తరచు ఉదయం పూటే. జిల్లా పేజీల్లో ముందు రోజు ప్రకటన వేస్తారు. ఇన్వర్టర్ మీద ఇంకేం లేకపోయినా పడక గది ఫ్యాను ఉండాలి.

కాఫీ గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. తాగిన కాఫీలో సగం కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి ఆఖరి కప్పు పదకొండున్నర లోపు అయిపోవాలి. రెండింటికి మగత కమ్ముతుంటే మరో కప్పు బదులు లేచి నడవడం, చల్లటి నీళ్ళతో ముఖం కడుక్కోవడం మేలు. షుగరుకో, బీపీకో మందులు వాడేవాళ్ళు ఈ వేళలకు తగ్గట్టు మాత్రలను తామే జరుపుకోకూడదు, అది డాక్టరుతో మాట్లాడాల్సిన సంగతి. నిద్రమాత్రలూ అంతే.

ఈ ఏర్పాటంతటినీ శని, ఆదివారాలు చెరుపుతాయి. సెలవు రాత్రి పదింటికి ఇంటివాళ్ళతో పాటు పడుకుని ఆరింటికి లేస్తే జీవగడియారం రెండు రోజుల్లో పగటి మనిషిదవుతుంది. సోమవారం మళ్ళీ మొదటికి వస్తుంది. అలాగని ఆదివారం కూడా పదకొండున్నర దాకా పడుకుంటే ఇంట్లో వాళ్ళతో గడిపేది ఎప్పుడు? దీనికి చికాగోలో షార్మేన్ ఈస్ట్‌మన్ బృందం రాత్రి పనివాళ్ళ మీద ప్రయోగాలు చేసి చూపిన దారి నడిమి మార్గం. పూర్తిగా రాత్రి మనిషి కావద్దు, పూర్తిగా పగటి మనిషీ కావద్దు, సెలవుల్లో కూడా బాగా ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవమంటుంది ఆ పద్ధతి. ఈమె సెలవు రాత్రుల్లో రెండింటికి పడుకుని తొమ్మిదిన్నరకు లేస్తుంది. పని రోజుల్లో నాలుగుంబావు నుంచి పదకొండున్నర. రెండింటిలోనూ నాలుగుంబావు నుంచి తొమ్మిదిన్నర దాకా ఉన్న ఐదు గంటల పైచిలుకు ఎప్పుడూ నిద్రే. రోజూ ఒకే వేళ పడే ఈ నిద్ర భాగం నాలుగు గంటలున్నా జీవగడియారం నిలకడగా ఉంటుందని 1980లలోనే బ్రిటన్ పరిశోధకులు మైనర్స్, వాటర్‌హౌస్ చూపించారు. పొద్దున ఎనిమిదింటి ముహూర్తానికి వెళ్ళవలసి వస్తే ఆ ఒక్క రోజు నిద్ర విరుగుతుంది. సాయంత్రం షిఫ్టుకు ముందు గంటన్నర పడుకుని సర్దుకోవడమే. ముహూర్తాలున్న మాసాల్లో అన్ని పెళ్ళిళ్ళకూ వెళ్ళే మనిషికి మాత్రం ఏ ఏర్పాటూ నిలవదు.

మార్చి, నవంబరు మార్పుల్లో ఏది కష్టమో కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. మనిషి జీవగడియారం సహజంగా ఇరవై నాలుగు గంటల కంటే కాస్త నిదానం. నవంబరులో గంట ఆలస్యంగా పడుకోవడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. మార్చిలో గంట ముందు పడుకోవాలంటే నిద్ర రాదు. ఆ వారం రోజుకు పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున ముందుకు జరుపుకుంటూ, షిఫ్టు ఆఖరి గంట వెలుతురు మామూలు కంటే ఇంకా తగ్గించుకోవాలి. ఇంట్లో మూడు గంటల హద్దును కూడా ఆ రోజే గంట జరపాలి. అది గుర్తు లేక మర్నాడు బెల్ మోగిన ఇళ్ళు చాలానే ఉంటాయి.

ఇదంతా తూర్పు తీరం వేళలకు సరిపోయే లెక్క. పసిఫిక్ తీరం క్లయింట్లకు పనిచేసేవాళ్ళకు షిఫ్టు వేసవిలో ఆరున్నరకు, చలికాలంలో ఏడున్నరకు ముగుస్తుంది. అప్పటికి పొద్దెక్కి ఉంటుంది, ఆ రెండు గంటల చీకటి వాళ్ళకు దక్కదు. వాళ్ళ గాఢనిద్ర వేళ పదిన్నర దాకా జరుగుతుంది కాబట్టి ఇంటివాళ్ళకు వదిలేసే గంటలు, నిశ్శబ్దం అడిగే గంటలు కూడా జరుగుతాయి. పదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా నాలుగు గంటలు అడగాల్సి వస్తుంది. ఆ వేళలో పడమటి గోడ మీద ఎండ పడటం మొదలవుతుంది, స్లాబు వేడి దిగుతుంది. వాళ్ళకు పై అంతస్తు పడమటి గది పనికిరాదు. కింద వాటా, ఉత్తరపు గది వెతుక్కోవాలి. పనిచేసే గది కర్టెన్లను కూడా నాలుగున్నరకే మూసేసి, షిఫ్టు అయ్యాక బాల్కనీ తలుపు తెరవకుండా మంచం ఎక్కాలి. ఇంతా చేసి నెల రోజులు నోటుబుక్కు రాసినా నిద్ర ఐదు గంటలు దాటకపోతే, మేలుకుని ఉండాల్సిన వేళ కళ్ళు మూతలు పడుతుంటే, గది సర్దడం ఆపి నిద్ర సమస్యలు చూసే డాక్టరు దగ్గరికి ఆ నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాలి. ఆయన అడిగే మొదటి ప్రశ్నల్లో సగానికి జవాబులు అందులోనే ఉంటాయి.